రెండు డిస్కులూ చూసిన ఆదివారం

ఆ కంటి ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరికీ ఆమె సర్వరమ్మ. మొదట్లో ఎవరో వెటకారానికి అన్న మాట అది. తర్వాత అలవాటైపోయింది, ఆమెక్కూడా. ఫోనెత్తితే తనే "సర్వరమ్మని మాట్లాడుతున్నా" అనేది.

రోగుల కంటి ఫోటోలన్నీ ఆమె చూసుకునే సర్వర్లో ఉంటాయి. నీటికాసుల రోగికి ఈ ఏడాది ఫోటో ఒక్కటే ఉంటే లాభం లేదు. పోయినేడాదిది, అంతకు ముందుది పక్కపక్కన పెట్టి చూస్తేగానీ కంటినరం ఎంత పాడైందో డాక్టరుకి తెలియదు. అందుకని పాత ఫోటో అంటే అక్కడ పాత కాగితం కాదు, సగం వైద్యం.

ఆ ఆదివారం సర్వరుకి పెద్ద అప్‌గ్రేడ్ పెట్టుకున్నారు. ఆసుపత్రికి కొత్త కెమెరా వచ్చింది. అది పాత సిస్టమ్‌తో మాట్లాడదు. సోమవారం పొద్దున పదింటికి దాని ప్రారంభం. కెమెరా విరాళమిచ్చినాయనే ముఖ్య అతిథి. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా సర్వరు ఆమె చేతికిచ్చారు.

ఆమె ఏడున్నరకే వచ్చింది. వాచ్‌మన్ తాళాలిచ్చి, మళ్లీ తన రేడియో దగ్గరికి వెళ్లిపోయాడు. వరండాలో వరసగా ఖాళీ కుర్చీలు. గోడకున్న అక్షరాల బోర్డు మీద పెద్దక్షరం నుంచి చీమంత అక్షరం దాకా, చదివేవాళ్లెవరూ లేరు. మామూలు రోజుల్లో ఆ వరండా దాటడానికి నలుగుర్ని తప్పించుకోవాలి. ఆదివారం ఆమె చెప్పుల చప్పుడు ఆమెకే వినపడి, ఎవరో వెనక వస్తున్నారేమో అనిపించింది.

సర్వర్ గదిలో రెండు కుర్చీలున్నాయి. రెండోది అయిదేళ్లుగా ఖాళీ. దాని మీద ఆమె శాలువా ఉంటుంది, ఏసీ చలికి.

ఆ కుర్చీలో ఒకప్పుడు నిదానం కూర్చునేవాడు.

అతనికి ఆ పేరు పెట్టింది సర్వరమ్మే. ఆమెకన్నా మూడేళ్లు చిన్న. "అక్కా" అనేవాడు, నువ్వనేవాడు. ఏ పనైనా మూడుసార్లు చూసి, కాగితం మీద రాసుకుని, ఓ గుక్క నీళ్లు తాగి అప్పుడు మొదలెట్టేవాడు. "నిప్పంటుకున్నా నువ్వు ముందు బావి లోతు కొలుస్తావురా నాయనా" అని ఆమె ఏడిపించేది. "నీళ్లున్నాయో లేదో చూడకుండా చేద వేస్తే ఏమొస్తుందక్కా" అనేవాడు. అన్నం డబ్బా తెచ్చుకోని రోజు ఒకళ్లది ఒకళ్లు తినేవాళ్లు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఉన్న ఒక్క చెల్లెలూ వేరే ఊళ్లో. అందుకని రోజు మొత్తంలో ఆమె మనసు విప్పి మాట్లాడిన మాటలు లెక్కేస్తే, ముప్పాతిక ఆ గదిలోనే, నిదానంతోనే.

అయిదేళ్ల కింద ఇలాగే ఒక అప్‌గ్రేడ్ వచ్చింది. మొదలెట్టే ముందు నిదానం, "డిస్కులకి ఓ పూర్తి పరీక్ష పెడదామక్కా, ఫైల్ సిస్టమ్ కూడా ఒకసారి బలవంతంగా చెక్ చేద్దాం. ఓ పూట పడుతుంది" అన్నాడు. ఆమెకు ఆ సాయంత్రం చెల్లెలింటికి బస్సుంది. "పచ్చలైటే వెలుగుతోందిగా, ఇంకేం పరీక్ష? కానీ, కానియ్" అంది. అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, కీబోర్డు దగ్గరికి జరిగాడు.

అప్‌గ్రేడ్ సగం దాటాక డిస్కు మొండికేసింది. రాయాల్సిన చోట రాయలేక, సిస్టమ్ తనని తాను తాళం వేసుకుంది. చదువుకుంటే చదువుకో, ఒక్క అక్షరం రాయనివ్వనంది. పాత సిస్టమ్ సగం చెరిగిపోయింది, కొత్తది సగం వచ్చింది. రెంటికీ చెడ్డ రేవడి. కంగారులో ఆమె, "రిపేర్ పెట్టెయ్, అన్నిటికీ ఎస్ కొట్టు" అంది. పాడవుతున్న డిస్కు మీదే రిపేరు నడిచింది. అది తన తోవన దొరికిన ముక్కలన్నీ ఊడ్చి, ఒక మూల ఫోల్డరులో కుప్ప పోసింది. ఫోటోలు మిగిలాయి, పేర్లు పోయాయి. పాత కెమెరా ఫోటోల్లో రోగి నంబరు ఉండేది కాదు. పేరు ఫోల్డరు మీదే ఉండేది. బ్యాకప్ ఉందనుకున్నారు. తెరిచి చూస్తే మూడు నెలల నుంచి ఖాళీ ఫైళ్లే కాపీ అవుతున్నాయి.

పదకొండు వందల కళ్లు, ఎవరివో తెలియనివి. నెల రోజులు ఇద్దరూ వాటిని తేదీల్ని బట్టి, మచ్చల్ని బట్టి జత చేసే ప్రయత్నం చేశారు. సగానికి సగం కుదర్లేదు.

విచారణలో అడ్మినిస్ట్రేటర్ గారు ఒకే ప్రశ్న వేశారు. "కీబోర్డు మీద చేతులెవరివి?"

"నావండి" అన్నాడు నిదానం. ఆ తర్వాత ఆమె వైపు చూశాడు. చాలాసేపు కాదు. ఆమె టేబులు మీదున్న పేపర్‌వెయిట్‌ను చూస్తూ కూర్చుంది. ఆ రోజు నోరు పెగలలేదని ఆమె తర్వాత తనకు తాను వెయ్యిసార్లు చెప్పుకుంది. నోరు పెగలకపోవడం కాదు, ఆమె పెగల్చలేదు. వారం తిరక్కుండానే అతన్ని పంపేశారు.

అప్పట్నుంచి ఆమె డిస్కు పరీక్ష లేకుండా సర్వరు మీద చిన్న మార్పు కూడా చెయ్యలేదు. అందరూ చాదస్తమన్నారు. అననీ.

ఈసారి శనివారమే బ్యాకప్‌ను వేరే మిషన్లోకి దింపి, యాదృచ్ఛికంగా నలభై ఫోటోలు తెరిచి కళ్లారా చూసుకుంది. అయినా బ్యాకప్ ఉంది కదాని ధీమా పడటానికి లేదు. అన్నీ పోతే మొత్తం వెనక్కి తేవడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ ఓపీ ఆగిపోవాలి, ఆపరేషన్లు వాయిదా పడాలి.

ఎనిమిదింటికి సర్వరు ఆపి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న సిస్టమ్‌తో మళ్లీ లేపింది. ఇలా లేపితే లోపలి డిస్కుల మీద ఎవరూ ఏమీ రాయరు. ముందు కొత్త సిస్టమ్‌కి సరిపడా ఖాళీ ఉందో లేదో చూసింది. ఉంది. తర్వాత ఫైల్ సిస్టమ్, ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చెప్పే పట్టీ. ఎప్పట్లాగే అది తన మీద తనే 'క్లీన్' అని చీటీ అంటించుకుని ఉంది. ఆ చీటీ చూసి నమ్మితే చెక్ రెప్పపాటులో అయిపోతుంది, లోపల ఏమీ చూడదు. అందుకని బలవంతంగా, అయితే దేన్నీ ముట్టకుండా చూసి మాత్రమే చెప్పమని ఆజ్ఞ ఇచ్చింది.

ఇరవై నిమిషాల తర్వాత స్క్రీన్ మీద వరసలు మొదలయ్యాయి. డిస్కులో రాసుకునే గడుల్లో ఖాళీవాటి లెక్క తప్పింది. ఒకచోట ఒకే గడిని రెండు ఫైళ్లు నాదంటే నాదంటున్నాయి. దిద్దమంటావా అని అది అడగలేదు, ఆమె ముట్టవద్దంది కాబట్టి.

'ఫైళ్ల ఇంట్లో గొడవుందంటే పునాది సంగతి చూడాలి' అనుకుంది. సర్వర్లో రెండు డిస్కులు. ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ రాస్తారు, అద్దంలో బొమ్మలా. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుందని. రెండూ ఆరోగ్యం 'పాస్' అనే చెప్పాయి. కానీ కింద చిన్నక్షరాల్లో, చదవలేక పక్కన పెట్టిన గడులు రెండో డిస్కులో ఇరవై నాలుగు. ఒకటోదాంట్లో సున్నా. ఎనిమిది నలభైకి రెండిటికీ పూర్తి పరీక్ష పెట్టింది, ఆ చివర నుంచి ఈ చివర దాకా ప్రతి గడీ చదివేది. నాలుగు గంటల పైమాటే.

ఇక చెయ్యడానికేం లేదు. తెర మీద మిగిలిన శాతాలు తగ్గుతుంటే చూడటమే. శాలువా కప్పుకుంది. చెల్లెలు ఫోన్ చేసింది. "ఆదివారం కూడా ఆ డబ్బాలకి కాపలానా అక్కా?" అంది. వెనక పిల్లల గోల, కుక్కర్ విజిల్. "పరీక్ష రాస్తున్నాయే, నేను ఇన్విజిలేటర్ని" అంది సర్వరమ్మ. చెల్లెలు నవ్వి పెట్టేసింది. ఆ నవ్వు ఆగాక గదిలో ఫ్యాన్ల హోరు ముందుకన్నా ఎక్కువైనట్టనిపించింది.

పదీ పదికి రెండో డిస్కు ఫెయిలైంది. మధ్యలో ఒకచోట చదవలేక ఆగిపోయింది.

అడ్మినిస్ట్రేటర్ గారికి ఫోన్ చేసి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయన బుర్రనిండా షామియానాలున్నాయి ఆ రోజు.

"రెండో డిస్కు పోతే ఒకటోది ఉందిగా? అందుకే కదా రెండు పెట్టింది?"

"ఉందండి. దాని పరీక్ష ఇంకా అవలేదు."

"బీరువాలో కొత్త డిస్కుందని నువ్వే చెప్పావు. పాడైంది పీకి అది పెట్టు. రెండు నిమిషాల పని. సాయంత్రానికి అప్‌గ్రేడ్ కావాలి. ముఖ్య అతిథి ముందు నవ్వులపాలు చెయ్యకు నన్ను."

ఆమె "చూస్తానండి" అంది. ఆయన పన్నెండింటికి మళ్లీ చేశాడు. ఈసారి గొంతు పెద్దదైంది. ఆమె లేచి బీరువాలోంచి కొత్త డిస్కు తీసింది. కొత్తదాన్ని కూడా వచ్చిన రోజే పూర్తిగా పరీక్షించి పెట్టింది. రెండో డిస్కు గొళ్లెం మీద బొటనవేలు పెట్టింది. నొక్కితే చాలు, బయటికొస్తుంది. ఆయన చెప్పింది తప్పేం కాదు, పుస్తకంలో కూడా అలాగే ఉంటుంది. ఒకటో డిస్కు పరీక్ష ఇంకో పది శాతం మిగిలుంది. మంచి డిస్కేగా అది, సున్నా చూపించిందిగా.

'పచ్చలైటే వెలుగుతోందిగా.'

వేలు తీసేసింది. కుర్చీలో కూర్చుని ఫోన్లో నంబరు వెతికింది. అయిదేళ్లలో ఎన్నిసార్లు వెతికిందో, ఎన్నిసార్లు పేరు చూసి మూసేసిందో ఆమెకే తెలియాలి. ఈసారి నొక్కింది. ఆ సర్వరు పెట్టె బిగించింది అతనే, దాని ఒళ్లు తెలిసినవాడు ఇంకెవరూ లేరు. ఇది సాకు అని కూడా ఆమెకు తెలుసు.

"చెప్పండి" అన్నాడు అవతల. నంబరు ఇంకా దాచుకునే ఉన్నాడన్నమాట. లేదా ఎవరికైనా అలాగే అంటాడేమో.

"నేను... సర్వరమ్మని."

"తెలిసింది. చెప్పండి మేడమ్."

'మేడమ్' అన్న మాట చెంపకి తగిలింది. పని సంగతే చెప్పింది. గడుల లెక్క, రెండు ఫైళ్ల గొడవ, రెండో డిస్కు ఫెయిలవడం, చేతిలో కొత్త డిస్కు. "పైనుంచి ఒత్తిడి. రెండోది తీసేసి ఇది పెడదామనుకుంటున్నా" అంది.

"ఒకటోదాని పరీక్ష అయిందా?"

"పది శాతం ఉంది."

"తియ్యకు!" అన్నాడు. అరిచాడనే చెప్పాలి. నిదానం అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. "తియ్యకక్కా. అది అయ్యేదాకా ముట్టుకోకు. ఆ ఒకటోది చివర్లో తన్నిందనుకో, అప్పుడు నీకు ఏదీ పూర్తిగా ఉండదు." అంతలోనే గొంతు మళ్లీ 'మేడమ్' దగ్గరికొచ్చింది. "పరీక్ష అయ్యాక ఫోన్ చెయ్యండి. నేను ఇక్కడే ఉంటాను."

ఇరవై అయిదు నిమిషాలు. అన్నం డబ్బా తెరిచి, తినకుండానే మూత పెట్టేసింది. తెర మీద అంకె మారే చోట చూపు నిలిపి కూర్చుంది.

పన్నెండున్నర దాటాక ఒకటో డిస్కూ ఫెయిలైంది. చిట్టచివర్లో, ఎప్పుడో పాత ఫోటోలు రాసి, ఏళ్లతరబడి ఎవరూ తెరవని చోట. ఈ మధ్య ఎవరూ చదవలేదు కాబట్టి చదవలేమన్న సంగతే ఎవరికీ తెలియలేదు. అంతవరకూ ఆ లెక్క సున్నా అనే చూపించింది. నెలకోసారి రెండు డిస్కుల్నీ చదివి పోల్చే పని సర్వరు తనంతట తనే చేసేది. ఓపీ నెమ్మదిస్తోందని డాక్టర్లు గొణిగితే ఆర్నెల్ల కింద ఆమే దాన్ని ఆపేసింది. ఆ తర్వాత సర్వరు మీద మార్పులేవీ లేవు, పూర్తి పరీక్షా జరగలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

మళ్లీ ఫోన్ చేసింది. "అది కూడా పోయింది" అంది.

"రెండూ ఒకే చోటా?"

"కాదు. రెండోది మధ్యలో, ఒకటోది చివర్లో."

"అయితే బతికిపోయాం" అన్నాడు. 'బతికిపోయాం' అన్నాడని ఆమె గమనించింది, అతను గమనించాడో లేదో. "రెండిట్నీ ఉండనివ్వండి. కొత్తదాన్ని ఖాళీగా ఉన్న మూడో అరలో పెట్టండి. తీసి పెట్టడం కాదు, ఉండగానే మార్పించండి. ఒకదాంట్లో చదవలేని గడి రెండోదాంట్లోంచి తీసుకుంటుంది. మొత్తం కాపీ అయ్యాకే పాతదాన్ని వదిలిపెడుతుంది. ఫైల్ సిస్టమ్ రిపేరు ఇవాళ ముట్టుకోకండి. ముందు డిస్కులు రెండూ బాగవ్వాలి."

"ఇవాళ అప్‌గ్రేడ్..."

"ఇవాళ అప్‌గ్రేడ్ లేదు మేడమ్."

అతను చెబుతుంటే ఆజ్ఞలు కాగితం మీద రాసుకుని, తిరిగి చదివి వినిపించి, అప్పుడు కొట్టింది. కాపీ మొదలైంది. అయిదు గంటలని చూపించింది.

"ఇక నేను..." అన్నాడు.

"ఆగు" అంది ఆమె. "ఆ రోజు పరీక్ష వద్దన్నది నేను. రిపేర్ కొట్టమన్నదీ నేనే. విచారణలో వాళ్లడిగినప్పుడు చెప్పలేదు. బస్సు కోసం చేశానది. చెల్లెలింటికి వెళ్లే బస్సు."

అవతల ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"ఇది నాకెందుకు చెప్తున్నారు?" అన్నాడు, కోపం లేకుండా. "నాకు తెలుసుగా. నేనక్కడే ఉన్నాను. తెలియనివాళ్లకి చెప్పండి." మళ్లీ తనే, "మూడేళ్లు నాకు సరైన పని దొరకలేదు మేడమ్. పాత చోటికి ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు. ఇప్పుడు బాగానే ఉన్నా. కాపీ అయ్యాక ఒకసారి పోల్చి చూసుకోండి. ఉంటాను" అని పెట్టేశాడు.

సాయంత్రం అయిదున్నరకి కాపీ ఆ చివరి చోటికి చేరింది. అక్కడ వేగం తగ్గింది. ఆగినంత పని చేసింది. ఆమె కుర్చీ అంచున కూర్చుని ఎవరికీ వినపడకుండా "రా, రా తల్లీ" అంది. ఆ అంకె ఒకటి పెరిగింది, మళ్లీ ఒకటి. తర్వాత మామూలుగా నడిచింది. ఒక్క గడి కూడా పోలేదు. చెప్పుకోవడానికి పక్కనెవరైనా ఉంటే బాగుండుననిపించింది. నిదానానికి 'అయింది, ఏదీ పోలేదు' అని మెసేజ్ పెట్టింది. చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

అప్పుడు అడ్మినిస్ట్రేటర్ గారికి ఉత్తరం రాసింది. మొదటి పేరాలో డిస్కుల సంగతి, అప్‌గ్రేడ్ వచ్చే ఆదివారానికి వాయిదా. రెండో పేరాలో నెలవారీ పోలిక తనే ఆపానని, మళ్లీ మొదలెట్టానని. మూడో పేరా రాయడానికి మొదటి రెండిటికీ పట్టినదానికి మూడింతలు పట్టింది. అయిదేళ్ల కింద పరీక్ష చేద్దామన్నది ఎవరు, వద్దన్నది ఎవరు, చేతులెవరివైనా మాట ఎవరిది. ఒక ప్రతి డైరెక్టరుకి కూడా పంపింది, మళ్లీ మనసు మారకుండా.

సోమవారం కెమెరాకి రిబ్బన్ కత్తిరించారు, కెమెరా మాత్రం పనిచెయ్యలేదు. ముఖ్య అతిథి దానితో ఫోటో దిగి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అడ్మినిస్ట్రేటర్ ఆమెను పిలిచి, ఉత్తరం ముందు పెట్టుకుని చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఇప్పుడెందుకమ్మా ఇది? ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదండి."

ఆమెకు మెమో ఇచ్చారు, ప్రమోషన్ ఆపారు. నిదానానికి, పాత విచారణలో అతని తప్పని రాసింది రద్దు చేస్తున్నామని, ఎవరు అడిగినా అదే చెబుతామని డైరెక్టరు సంతకంతో ఉత్తరం వెళ్లింది. వెనక్కి రమ్మని కూడా అడిగారట. అతను మర్యాదగా వద్దన్నాడట. ఈ సంగతి ఆమెకు ఆఫీసులోనే ఎవరో చెప్పారు. అతను చెప్పలేదు.

ఆ వారంలోనే రెండో కొత్త డిస్కు వచ్చింది. దాన్నీ అలాగే మార్చింది. తర్వాతి ఆదివారం మళ్లీ ఖాళీ వరండా, మళ్లీ ఏడున్నర. రెండు డిస్కులకీ పూర్తి పరీక్ష. రెండూ పాస్. బ్యాకప్ మళ్లీ చూసుకుని, అప్పుడు ఫైల్ సిస్టమ్‌ని బాగుచెయ్యమంది. ఒకే గడి కోసం కొట్టుకున్న రెండు ఫైళ్లలో ఒకటి పాత రిపోర్టు, దాన్ని బ్యాకప్‌లోంచి తెచ్చి పెట్టింది. మళ్లీ చెక్ చేస్తే ఒక్క వరస కూడా రాలేదు. మధ్యాహ్నం రెండింటికి అప్‌గ్రేడ్ మొదలెట్టింది. యాభై నిమిషాల్లో అయిపోయింది. సర్వరు లేచింది. ఫోటోలు తెరుచుకున్నాయి, కొత్త కెమెరా దానితో మాట్లాడింది. అంతే, ఇంకేమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం కోసమే రెండు ఆదివారాలు పట్టాయి. తలుపు తాళం వేసి, వాచ్‌మన్‌కి తాళాలిచ్చి ఇంటికెళ్లి అన్నం వండుకుంది.

సోమవారం ఎనిమిదిన్నరకే వరండా నిండిపోయింది. రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరున్న ఆవిడ కేకేసింది.

"సర్వరమ్మా! ఏం చేశావ్ నిన్న? అక్షరాలన్నీ చీమల్లా అయిపోయాయి. నా కళ్లకి చూపించుకోవాలా ఏంటి ఇప్పుడు?"

క్యూలో నలుగురు నవ్వారు. సర్వరమ్మ కౌంటర్ లోపలికి వెళ్లి, ఆవిడ భుజం మీదుగా వంగి మౌస్ పట్టుకుంది.

"ఇంతా?"

"ఇంకొంచెం."

"ఇప్పుడు?"

"ఆఁ, అదిగో. ఇప్పుడు కనబడుతోంది" అంది ఆవిడ, క్యూలో ముందున్న పెద్దాయన చీటీ అందుకుంటూ.